పూల మాలల ఫొటోలకు లైట్ బాక్సా, కిటికీ వెలుగా: రెండేళ్ళ వాడకం తర్వాత

మడతపెట్టే లైట్ బాక్స్ గిన్నెలకూ గడియారాలకూ మంచి సాధనమే. పూల దుకాణానికి మాత్రం అందులో తీసిన ఫొటోలు పెద్దగా అక్కరకు రావు. పైన ఎల్‌ఈడీ పట్టీ, చుట్టూ తెల్లగోడలు ఉండటంతో వెలుగు అన్ని వైపుల నుంచీ పడి నీడలన్నీ చెరిగిపోతాయి. రేక మడత, ఈనె గీత, పూల మధ్య దారం దిగిన గాడి కంటికి కనబడేవి ఆ చిన్న నీడల వల్లే. ఫలితంగా అప్పుడే కట్టిన మల్లెదండా, సగం వాడినదీ బాక్సులో ఒకేలా కనిపిస్తాయి. ఇంకో లోపం ఎరుపుది. చౌక ఎల్‌ఈడీల వెలుగులో ముదురు ఎరుపు భాగం తక్కువ కాబట్టి గులాబీ ఇటుక రంగుకు దిగుతుంది. ఎడిటింగులో ఎరుపు పెంచితే పక్కనున్న ఆకు కూడా చెడుతుంది.

చివరికి నిలబడింది కిటికీ అమరికే. నేరుగా ఎండ పడని కిటికీకి పల్చటి తెల్లగుడ్డ కట్టి, బల్లను దాని పక్కన మూడడుగుల దూరంలో వేయాలి. వెలుగు దండ మీదికి పక్క నుంచి, కాస్త వాలుగా రావాలి. అవతలి వైపు అడుగున్నర దూరంలో తెల్ల థర్మోకోల్ పలక నిలబెడితే నీడ పూర్తిగా నల్లబడదు. పలకను మరీ దగ్గరికి జరిపితే మళ్ళీ లైట్ బాక్సే తయారవుతుంది. గది దీపాలు ఆర్పేయాలి. లేకపోతే దండకు ఒక వైపు పసుపు, మరో వైపు నీలం తేలతాయి.

దీనికి గట్టి పరీక్ష మల్లె, కనకాంబరం కలిపి కట్టిన మూర దండ. ఫ్రేమ్‌లో నారింజ ఎక్కువైతే, వెలుగు రంగును కెమెరా తనంతట తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని తగ్గించబోయి మల్లెకు నీలిఛాయ పులుముతుంది. అందుకే ముందు గ్రే కార్డు అనే బూడిదరంగు అట్టను దండ ఉండే చోటే పెట్టి, దాన్ని బట్టి వైట్ బ్యాలెన్స్ స్థిరం చేయాలి. కిటికీ వెలుగు మారుతూనే ఉంటుంది కనుక అరగంటకోసారి, మబ్బు పట్టినా విడినా వెంటనే, ఈ పని మళ్ళీ చేయాలి. ఫోన్‌లో పువ్వును గుర్తుపట్టి రంగు పెంచే సౌకర్యం ఉంటే ఆపేయాలి. ఒకే బుట్టలోని కనకాంబరాల్లోనూ లేత నారింజ, ముదురు నారింజ ఉంటాయి. ఆ తేడాను మొదట మింగేసేది ఆ సౌకర్యమే.

ఎక్స్‌పోజర్‌ను మల్లెను చూసి కుదర్చాలి. 0 నలుపు, 255 పూర్తి తెలుపు అనుకుంటే మల్లె వెలుగు 235 నుంచి 240 దగ్గర ఆగితే రేక అంచు, దాని మీది పల్చటి గీత మిగులుతాయి. అయినా అక్కడితో సరిపెట్టుకోకూడదు. ఫొటోలో వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫు, అంటే మామూలు హిస్టోగ్రామ్, బాగానే ఉన్నట్టు చూపినా కనకాంబరంలో ఎరుపు ఛానెల్ అప్పటికే గరిష్ఠాన్ని తాకి ఉండొచ్చు. రేకలు విడివిడిగా కాక ఒకే నారింజ మచ్చలా కనిపించడమే దాని గుర్తు. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించి తీసి, నీడలను తర్వాత కొద్దిగా ఎత్తాలి. బంతి, ఎర్ర గులాబీలకూ ఇదే మందు.

దారం కట్టు కోసం వేరే ఫొటో తప్పదు. దండను తిరగేసి, వెలుగు దారానికి అడ్డంగా పడేలా పెడితే ప్రతి ముడి పక్కనా సన్నటి నీడ గీత వస్తుంది. తెల్లదారం మల్లెలో కలిసిపోతుంది కనుక కింద ముదురు ఆకుపచ్చ గుడ్డ, మెరుపు లేనిది, పరచాలి. కెమెరాలో అపర్చర్ f/8 నుంచి f/11 వరకు సరిపోతుంది. ఫోన్‌ను మరీ దగ్గరికి తీసుకెళ్తే ఒక ముడి స్పష్టంగా, పక్క ముడి మసకగా వస్తుంది. కాస్త వెనక్కి జరిగి 2x లెన్స్ వాడటం మేలు. అల్లిక ఒత్తుగా ఉందో పలచగా ఉందో ఈ ఒక్క ఫొటో చెబుతుంది. ముందువైపు నుంచి ఎన్ని తీసినా అది తెలియదు.

తాజాదనం చూపడానికి నీళ్ళు చల్లడం మీద మోజు తగ్గించుకోవచ్చు. చుక్కలు కొనేవాడి కంటికి అలంకారంగానే తోస్తాయి. పైగా తడిసిన మల్లెరేక పారదర్శకంగా మారి కందినట్టు కనిపిస్తుంది. నిజమైన గుర్తు రేక అంచే. వాడే పూలలో అంచు మెత్తబడి లోపలికి ముడుచుకుని, గోధుమ రంగుకు తిరుగుతుంది. పక్కవెలుగులో ఇదంతా దాచుకోలేనంతగా బయటపడుతుంది. మొగ్గల దండనైతే అవి విచ్చకముందే ఫొటో తీసేయాలి.

ఈ అమరికకూ హద్దులున్నాయి. పొద్దు వాలితే పని ఆగినట్టే. రాత్రికి, రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సీఆర్‌ఐ 95 పైబడిన ఎల్‌ఈడీ ప్యానెల్‌ను అదే తెల్లగుడ్డ వెనక పెడితే చాలా వరకు దగ్గరి ఫలితం వస్తుంది. కొనేటప్పుడు ఎరుపుకు సంబంధించిన ఆర్9 విలువ 90కి తగ్గకుండా చూసుకోవాలి. ఊదా పూలు మాత్రం ఎలా తీసినా నీలానికి జారుతూనే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా, అసలు పువ్వును స్క్రీన్ పక్కన పెట్టుకుని సరిచేయాల్సి వస్తోంది.