ఇంజన్ కోడ్లు చదవడానికి ఏ అడాప్టర్ మేలు: క్లాసిక్ బ్లూటూతా, బీఎల్ఈనా?

ఇంజన్ దీపం పసుపు రంగులో వెలిగితే గాజువాక ఆటోనగర్ దాకా వెళ్లకముందే కారణం కొంత తెలుసుకోవచ్చు. స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది, కారు కంప్యూటర్ రాసిపెట్టుకున్న లోపాల కోడ్లు అక్కడి నుంచే చదవొచ్చు. అందులో చిన్న అడాప్టర్ గుచ్చి, ఫోన్‌కి కలిపితే సరి. బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి, కాబట్టి విశాఖ రోడ్ల మీద తిరిగే కార్లలో చాలావాటికి ఇది పనిచేస్తుంది. కొనేటప్పుడే చిక్కు: బయటికి ఒకేలా కనబడే అడాప్టర్లలో పాత తరహా క్లాసిక్ బ్లూటూత్ ఒకటి, తక్కువ కరెంటు వాడే బ్లూటూత్ అయిన బీఎల్ఈ ఇంకొకటి.

మీ ఇంట్లో అన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లే అయితే క్లాసిక్ చాలు. ఐఫోన్ ఉంటే మాత్రం బీఎల్ఈ తీసుకోవాలి. మామూలు క్లాసిక్ అడాప్టర్లు వాడే సీరియల్ పద్ధతిని ఐఫోన్ యాప్‌లకు అందనివ్వదు. "బావా, నీ ఫోన్‌కి కలిసింది, నాదాంట్లో పేరే రావట్లేదేంటి?" అని మా బావమరిది అడిగింది ఇందుకే. రెండు రకాల ఫోన్లూ ఉన్న ఇంటికి, రెండు పద్ధతులూ ఉన్న అడాప్టరే నా ఓటు, కాస్త ధర ఎక్కువైనా సరే.

కలిపే తీరు కూడా వేరు. క్లాసిక్‌ని ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో పెయిర్ చేయాలి. పిన్ ఎక్కువగా 1234 గానీ 0000 గానీ ఉంటుంది. బీఎల్ఈని సెట్టింగ్స్‌లో ముట్టుకోకుండా నేరుగా యాప్‌లోంచే వెతకాలి. ఆండ్రాయిడ్ 12కి ముందు ఫోన్లలో లొకేషన్ ఆన్ చేయకపోతే ఆ వెతుకులాటలో ఏమీ దొరకదు. చాలా బీఎల్ఈ అడాప్టర్లు పిన్ అడగవు. ఎంవీపీ కాలనీ లాంటి చోట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు పెట్టేవాళ్లు అడాప్టర్‌ని సాకెట్‌లో వదిలేయకండి, పక్కవాళ్ల ఫోన్‌కీ అది కలవొచ్చు. పైగా 16వ పిన్నులో తాళం తీసినా బ్యాటరీ కరెంటు ఉంటుంది. కారు రోజుల తరబడి కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

అయితే రేడియో కంటే ముఖ్యమైనది లోపలి చిప్పు. ఇలాంటి అడాప్టర్లలో వాడే అసలు చిప్పు పేరు ELM327, మార్కెట్‌లో చవకగా దొరికేవి ఎక్కువగా దాని నకళ్లు. v1.5 అని చూపిస్తే అది నకలే, అసలు కంపెనీ ఆ వెర్షన్ తయారుచేయలేదు. అయితే నకళ్లన్నీ పనికిరానివి కావు. ఈ మధ్య కార్లలో కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి వాడే క్యాన్ పద్ధతిలో రెండు కోడ్ల వరకు జవాబు ఒకే ముక్కలో వస్తుంది, మూడయితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. నాసి చిప్పులు తడబడేది అక్కడే. అడాప్టర్‌కి నేరుగా ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ యాప్‌లో 0902 పంపి 17 అక్షరాల ఛాసిస్ నంబరు అడగండి. జవాబు హెక్స్ అంకెల్లో వస్తుంది, దాన్ని అక్షరాల్లోకి మారిస్తే ఆర్సీలో ఉన్నట్టు పూర్తిగా ఉంటే ఆ చిప్పు పొడుగు జవాబులు అందుకోగలదన్నమాట. NO DATA వస్తే అది కారు వైపు సంగతి కావచ్చు, చిప్పు మీద తీర్పు చెప్పకండి.

కనెక్షన్ కుదరకపోతే తప్పెక్కడో ఇలా పట్టుకోండి. తాళం ఆన్‌లో పెట్టి, టెర్మినల్ యాప్‌లో అడాప్టర్ పేరు అడిగే ATI కొట్టండి. జవాబు వస్తే బ్లూటూత్ బాగానే ఉన్నట్టు. ఆ తర్వాత కారుని పలకరించే 0100 కి UNABLE TO CONNECT అని వస్తే లోపం అడాప్టర్‌కీ కారుకీ మధ్య. సాకెట్ పిన్నులు చూడండి, మన సముద్రపు గాలికి ఆకుపచ్చ చిలుము పడుతుంది.

ఒక ఉదాహరణ. పెట్రోలు కారు సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే కుదుపులు, దీపం వెలుగుతోంది. లోపాల కోడ్లు అడిగే 03 పంపితే వచ్చింది ఇది:

```
>ATI
ELM327 v1.5
>03
43 01 03 03
```

43 అంటే 03కి జవాబు, 01 అంటే ఒక కోడు, 0303 అంటే P0303, మూడో సిలిండర్‌లో మంట సరిగా అంటుకోవడం లేదు. ఏ పార్టు మార్చాలో మాత్రం ఇది చెప్పదు. ప్రతి సిలిండర్‌కీ విడి కాయిల్ ఉన్న ఇంజన్ అయితే, చల్లారాక మూడో కాయిల్‌ని ఒకటోదానితో మార్చండి. కోడు రాసుకుని 04తో చెరిపేసి, మళ్లీ ఆ ఎత్తు ఎక్కించండి. ఈసారి P0301 వస్తే కాయిలే దోషి. P0303 అలాగే ఉంటే ప్లగ్గు, ఇంజెక్టరు, కంప్రెషను వరుసగా చూడాలి. కంప్రెషన్ చూడటానికి గేజీ ఉన్న మెకానిక్కే కావాలి, ఏ అడాప్టరూ దాన్ని కొలవదు. దీపం ఆరుతూ వెలుగుతూ మెరుస్తుంటే ఈ పరీక్షలన్నీ మాని, కారు పక్కకు ఆపేయండి. ఆ మిస్‌ఫైర్‌తో నడిపితే కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కరిగించేస్తుంది.