‘ముందు భాగం 2’ తర్వాత ఏది చూడాలి: రెండున్నరేళ్లు యూట్యూబ్ సిరీస్ ప్లేలిస్టు వాడాక

మా ఇల్లు వనస్థలిపురం. పైగదిలో కుట్టు మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. నేర్చుకోవాలని వచ్చేవాళ్లకు నేర్పుతాను. అవే పాఠాలు వీడియోలుగా తీసి యూట్యూబ్‌లో పెడుతున్నాను. వీడియో ఎలా ఎక్కించాలో, ప్లేలిస్టు ఎలా తెరవాలో ఇక్కడ రాయను, అది అందరికీ తెలిసిందే. నేను రాయదలచుకున్నది ప్లేలిస్టును ‘అధికారిక సిరీస్’గా మార్చే ఒక్క సెట్టింగు గురించీ, దానికి తోడుగా పేర్లు ఒకే తీరులో పెట్టడం గురించీ. నాకు అది చాలా నచ్చింది. ఇంతగా నచ్చడానికి ముందు ఒక జాకెట్టు పాడైంది.

హయత్‌నగర్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నీ ముందు భాగం రెండు చూసి కట్ చేసిన. చంక దగ్గర ఎక్కుతలేదు. ముందు భాగం ఒకటి ఏడున్నదో మస్తు వెతికిన, దొరకలే." నాకు ముందు అర్థం కాలేదు. ముందు భాగానికి నేను చేసింది ఒకటే వీడియో. తీరా చూస్తే దాని పేరు ఇలా ఉంది:

```
జాకెట్ కటింగ్ ముందు భాగం 2
```

నా ఉద్దేశంలో అది "జాకెట్ కటింగ్, ముందు భాగం, రెండో వీడియో." వెనక భాగం మొదటి వీడియో, ముందు భాగం రెండోది. చదివేవాళ్లకు మాత్రం "ముందు భాగం"కి రెండో వీడియో అనిపిస్తుంది. మన కుట్టుపనిలో భాగం అంటే గుడ్డ ముక్క. సీరియల్ భాషలో భాగం అంటే ఎపిసోడు. ఒకే మాట రెండు పనులు చేస్తోందని నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆ అమ్మాయి లేని వీడియో కోసం వెతికింది, దొరక్క ఉన్నదానితోనే కత్తెర వేసింది. కుట్టు కోసం ఎంత గుడ్డ వదలాలో నేను వెనక భాగం వీడియోలోనే చెప్పాను. అది చూడలేదు కాబట్టి గీత మీదే కోసేసింది. జనరల్ బజార్‌లో ఇష్టంగా కొనుక్కున్న గుడ్డట. గొంతు విని నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఆ తప్పు ఆమెది కాదు.

ఆ రాత్రి నా వీడియోల పేర్లన్నీ నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చున్నాను. ఒక చోట బ్లౌజ్, ఒక చోట బ్లౌజు, ఇంకో చోట జాకెట్, మరో చోట జాకెట్టు. కొన్నింటికి పార్ట్ 3, కొన్నింటికి భాగం 3, కొన్నింటికి అసలు అంకే లేదు. యూట్యూబ్ స్టూడియోలో నా వీడియోలను నేనే వెతుక్కోవాలంటే నాలుగు మాటలతో నాలుగుసార్లు వెతకాల్సి వచ్చింది. నాకే దొరకనివి కొత్తగా వచ్చినవాళ్లకు వరుసగా ఎలా దొరుకుతాయి?

ముందు మాటలు తేల్చుకున్నాను. గుడ్డ ముక్కకు భాగం, వీడియోకు పాఠం. బ్లౌజ్ అనే మాట ఒక్కటే, ఆ ఒక్క రూపంలోనే. జాకెట్టు అని వెతికేవాళ్ల కోసం ఆ మాటను కింద వివరణలో రాశాను, పేరులోకి మాత్రం రానివ్వలేదు. తర్వాత ఏది ముందు, ఏది వెనక అన్నది. మొదట సిరీస్ పేరు ముందు పెట్టి అంకె చివర పెట్టాను. అది ఫోనులో పనికిరాలేదు. పక్కన వచ్చే వీడియోల జాబితాలో పేరు రెండు వరుసలు దాటితే మిగతాది చుక్కలైపోతుంది. పన్నెండు పాఠాలూ ఒకేలా మొదలై, తేడా చూపాల్సిన చివరి ముక్క కనపడకుండా పోయింది. పేరుకు 100 అక్షరాల హద్దు ఉందిగా, చాలదా అనుకోవచ్చు. అందులో గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. మన కంటికి రెండక్షరాలైన ‘బ్లౌజ్’ అక్కడ ఆరు. అందుకని ఇలా స్థిరపడ్డాను:

```
పాఠం 4: ముందు భాగం కటింగ్ | బ్లౌజ్ మొదటి నుంచి
```

అంకె ముందుంటుంది, విషయం మధ్యలో ఉంటుంది, సిరీస్ పేరు చివర ఉంటుంది. తెగిపోతే సిరీస్ పేరే తెగుతుంది, దానివల్ల నష్టం లేదు. ప్లేలిస్టు పేరు కూడా అచ్చంగా అదే, "బ్లౌజ్ మొదటి నుంచి". పాత వీడియోల పేర్లు మారిస్తే లింకు మారిపోతుందేమో, చూసినవాళ్ల లెక్క పోతుందేమో అని నా ఆడపడుచు భయపెట్టింది. పోలేదు. పేరు మారినా లింకు అదే, వ్యూస్ అవే, కామెంట్లు అవే.

తర్వాత కంప్యూటర్‌లో ప్లేలిస్టు సెట్టింగులు తెరిచి `Set as official series for this playlist` అన్నదాన్ని ఆన్ చేశాను. ఈ వీడియోలన్నీ కలిపి చూడాల్సినవి అని యూట్యూబ్‌కు చెప్పడమే దాని పని. ఒకటి చూస్తున్నవాళ్లకు అదే సిరీస్‌లో మిగిలినవి చూపే అవకాశం పెరుగుతుంది. చూపించి తీరతామని వాళ్లు ఎక్కడా అనలేదు, చూపించవచ్చు అనే అన్నారు. ఆ తేడా నేను తర్వాత గానీ గమనించలేదు.

ఫలితం కనపడటానికి కొన్ని వారాలు పట్టింది. స్టూడియోలో ఒక వీడియోకు జనం ఎక్కడి నుంచి వచ్చారో చూపే చోట `Suggested videos` అని ఉంటుంది, దాన్ని నొక్కితే ఏ వీడియో పక్కన మనది కనపడి జనం వచ్చారో పేర్లతో సహా వస్తుంది. అంతకుముందు ముందు భాగం పాఠం దగ్గర ఆ జాబితా నిండా ఇతరుల వీడియోలే. ఇప్పుడు పైన నా పాఠం 3 ఉంది. పాఠం 5 దగ్గర చూస్తే పాఠం 4 ఉంది. ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడుస్తున్నట్టు అనిపించింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మధ్యలో ఒక పొరపాటు కూడా చేశాను. ప్లేలిస్టులో వరుసను కొత్తవి ముందు వచ్చేలా పెట్టి ఉంచానని మరిచిపోయాను. దానివల్ల పాఠం 6 అయ్యాక తనంతట తానే వచ్చేది పాఠం 5. చేతులు కలిపి కుట్టాక చేతులు కత్తిరించడం వస్తే నేర్చుకునేవాళ్లు ఏమవుతారు? వరుసను `Manual`కి మార్చి, పాఠాలను ఒకటి నుంచి కిందికి సర్దాక కుదిరింది. పేర్లు ఎంత చక్కగా ఉన్నా వరుస తిరగబడితే అంకెలు ఎగతాళి చేస్తున్నట్టే ఉంటుంది. మీ ప్లేలిస్టులో ఈ సంగతి తెలియాలంటే లెక్కలు అక్కర్లేదు. ఫోనులో రెండో పాఠం చివరిదాకా వదిలేసి, తర్వాత ఏది మొదలవుతుందో చూడండి.

వాట్సాప్‌లో పంపే లింకు కూడా సరిచూసుకోవాలి. లింకులో `&list=` ఉంటే, తెరిచినవాళ్లకు ప్లేలిస్టుతో సహా తెరుచుకుంటుంది, అయ్యాక తర్వాతి పాఠం వస్తుంది. అది లేకుండా వీడియో లింకు ఒక్కటే పంపితే ఆ వీడియో ఒంటరిగానే తెరుచుకుంటుంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు ఏడాది పాటు ఒంటరి లింకులే పంపాను.

మొదటి ఆరు నెలల్లో మా టైలరింగ్ గ్రూపులో అందరికీ "పేర్లు ఒకేలా పెట్టండి, అవే ఒకదాన్నొకటి చూపించుకుంటాయి" అని గట్టిగా చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. పేరు చూసి యూట్యూబ్ వీడియోలను కలిపేస్తుందని నాకిప్పుడు అనిపించడం లేదు. పేరు చూసి మనిషి తర్వాతిది ఎంచుకుంటారు. అలా చాలామంది ఒకదాని వెంట ఒకటి చూసినప్పుడు అవి పక్కపక్కన కనపడటం పెరుగుతోంది. గ్రూపులో ఒకామె నా మాట విని పేర్లన్నీ మార్చింది. ఆమె వీడియోలు ఒకటి చీర ఫాల్, ఒకటి సోఫా కవర్, ఒకటి పిల్లల గౌను. వాటికి ఒకే సిరీస్ పేరు తగిలించినా ఫాల్ కుట్టడం చూసినవాళ్లు సోఫా కవర్ చూడరు. ఏమీ మారలేదని ఆమె అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు.

నాకూ అలాంటిదే ఎదురైంది. "దారం ఎందుకు తెగుతోంది" అన్న వీడియోకు "పాఠం 5, కుట్టు మిషన్" అని పెట్టాను. దారం తెగుతున్నవాళ్లు ఆ క్షణంలో జవాబు కోసం వస్తారు. పాఠం 5 అని చూడగానే ముందు నాలుగు చూడాలేమో అనుకుని వెళ్లిపోతున్నారని మా ఆడపడుచు అంది. అంకె తీసేశాక ఆ వీడియోకు వెతుక్కుని వచ్చేవాళ్లు పెరిగారు. వరుసలో నేర్చుకోవాల్సినదానికే అంకె. ఒక్కటే చూసి పని చేసుకునేదానికి వద్దు.

ఇంకో హద్దు ఉంది. సిరీస్‌లో మన ఛానెల్ వీడియోలే పెట్టగలం, ఒక వీడియో ఒక్క సిరీస్‌లోనే ఉండగలదు. చంక కొలత తీసుకోవడం నాకు మామూలు బ్లౌజ్‌కీ కావాలి, ప్రిన్సెస్ కట్‌కీ కావాలి. రెండో సిరీస్‌లో అది పట్టదు. ఆ పాఠాన్ని "బ్లౌజ్ మొదటి నుంచి"లోనే ఉంచాను. "ప్రిన్సెస్ కట్ మొదటి నుంచి"ని సిరీస్ చేయకుండా మామూలు ప్లేలిస్టుగానే వదిలేశాను, ఒకే వీడియోను అలాంటి ప్లేలిస్టులు ఎన్నింటిలోనైనా పెట్టుకోవచ్చు. అక్కడ పాఠాలు ఒకదాన్నొకటి తెచ్చుకోవడం మొదటిదాని కంటే తక్కువగానే ఉంది. దానికి కారణం సెట్టింగో, ప్రిన్సెస్ కట్ నేర్చుకునేవాళ్లే తక్కువో నేను విడదీయలేను.

కాబట్టి నా మాట నాలాంటి వాళ్లకే వర్తిస్తుంది. నా ఛానెల్ చిన్నది. చూసేవాళ్లలో ఎక్కువమంది మొదటి పాఠం నుంచి చివరిదాకా కుట్టడానికే కూర్చుంటారు. రోజుకో కొత్త విషయం పెట్టేవాళ్లకు ఇంత నోటుబుక్కు పని వృథా కావచ్చు. నాకు మాత్రం ఫోన్లు తగ్గాయి. వచ్చేవి కూడా "తర్వాతిది ఎక్కడుంది" అని కాకుండా "పాఠం 7లో డాట్ ఎంత లోతు పెట్టాలి" అని వస్తున్నాయి.

హయత్‌నగర్ అమ్మాయికి అప్పట్లో నా దగ్గరున్న గుడ్డతో పక్కల అతుకు వేసి ఆ జాకెట్టు సరిచేసి ఇచ్చాను. చంక కొలతను ఈ నెలలో ప్రిన్సెస్ కట్ కోసం విడిగా మళ్లీ తీస్తున్నాను. పేరు ముందే రాసి పెట్టుకున్నాను: "పాఠం 2: చంక కొలత | ప్రిన్సెస్ కట్ మొదటి నుంచి".