తిరుపతిలో ల్యాప్‌టాప్ బాగు చేయించుకునేవాళ్లకి: కొన్ని సైట్లే తెరుచుకోకపోతే విండోస్ మార్చనివ్వకండి

బస్టాండ్ దగ్గర ఒక షాపులో పోయిన నెల 2,000 రూపాయలు పోగొట్టుకున్నాను. పేరు రాయను. మీకూ ఇదే మాట చెప్పే షాపులు ఉంటాయి కాబట్టి సంగతి మాత్రం చెబుతాను.

మా అమ్మాయి పరీక్ష ఫీజు కట్టాలి. కాలేజీ సైట్ తెరుచుకుంటుంది, వివరాలన్నీ వస్తాయి, కానీ Pay Now నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. మా బ్యాంకు సైట్ అయితే అసలు తెరుచుకోదు, ERR_CONNECTION_RESET అని వస్తుంది. వార్తలు, వీడియోలు, మెయిల్ అన్నీ బాగానే ఉన్నాయి. షాపతను రెండు నిమిషాలు అటూ ఇటూ నొక్కి "విండోస్ కరప్ట్ అయిపోయింది సార్, మళ్లీ వెయ్యాల" అన్నాడు. విండోస్‌కి 800, అదే యాంటీవైరస్ మళ్లీ వేసినందుకు 1,200. సాయంత్రం ఇంటికి తెచ్చుకుని, క్రోమ్‌లో నా అకౌంట్‌తో లాగిన్ అయి చూస్తే మళ్లీ అదే కథ. ఫీజుకి రెండు రోజులే గడువు, ఇంట్లో ఒకటే టెన్షన్.

మా మేనల్లుడు వచ్చి చేసిన మొదటి పని Ctrl+Shift+N నొక్కడం. క్రోమ్ Incognito అని పిలిచే ఆ ప్రైవేట్ విండోలో Pay Now పనిచేసింది, ఫీజు అక్కడే కట్టేశాం. "చూసినావా మామా, విండోస్‌కేం రోగం లేదు" అన్నాడు. విండోస్ పాడైతే ఆ విండోలో మాత్రం ఎట్లా పనిచేస్తుంది? బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, అంటే ఎక్స్‌టెన్షన్లు, ప్రైవేట్ విండోలో మామూలుగా ఆగిపోయి ఉంటాయి. సైట్లు బ్రౌజర్‌లో దాచుకునే పాత కుకీలు కూడా ఉండవు. కాబట్టి దోషం ఎక్కువగా ఈ రెంటిలో ఒకదానిదే అయ్యుంటుంది.

ఈ రెంటిలో ఏది కారణమో తేల్చడానికి వాడు చేసిన పరీక్ష నాకు బాగా నచ్చింది. chrome://extensions తెరిచాడు. నాకు తెలియకుండానే అయిదు ఉన్నాయి. ఒక్కోదాని Details లోకి వెళ్లి Allow in Incognito ఆన్ చేయడం, ప్రైవేట్ విండోలో ఆ పేజీ మళ్లీ తెరవడం. మూడోదానికి Pay Now మూగబోయింది. అది షాపింగ్‌లో కూపన్లు వెతికి పెట్టే ఎక్స్‌టెన్షన్. ల్యాప్‌టాప్ కొన్న రోజు ఇదే షాపతను "డిస్కౌంట్లు వస్తాయి సార్" అని వేసిచ్చాడు. పేమెంట్ పేజీలో అది తన కోడ్ దూర్చేది, దాంతో బటన్ చచ్చిపోయేది. తీసేశాక మామూలు విండోలోనూ పనిచేసింది. ఐదూ మంచివని తేలి ఉంటే అప్పుడు ఆ సైట్ కుకీలు మాత్రం తుడిచేవాళ్లం.

మరి విండోస్ కొత్తగా వేసినా అది ఎట్లా తిరిగొచ్చింది? నేనే తెచ్చుకున్నాను. క్రోమ్‌లో సింక్ ఆన్‌లో ఉంటే, లాగిన్ కాగానే పాత ఎక్స్‌టెన్షన్లన్నీ వెంటబడి వస్తాయి. నా 800 అట్లా బూడిదలో పోసిన పన్నీరైంది.

బ్యాంకు సైట్ మాత్రం ప్రైవేట్ విండోలోనూ రాలేదు, ఎడ్జ్‌లోనూ రాలేదు. ఫోన్‌లో, అదే వైఫై మీద, వచ్చింది. అంటే నెట్‌లో లోపం లేదు, ఒక్క బ్రౌజర్ లోపమూ కాదు. ల్యాప్‌టాప్‌లో అన్ని బ్రౌజర్లకీ అడ్డంగా కూర్చున్నది ఇంకేదో ఉంది. వాడు మామూలుగా తెరుచుకునే ఒక సైట్‌లో, అడ్రస్ పక్కన గుర్తు నొక్కి, Connection is secure, తర్వాత Certificate is valid లోకి వెళ్లాడు. అక్కడ Issued By కింద, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పేరు ఉండాల్సిన చోట, ఉన్నది యాంటీవైరస్ పేరు! యాంటీవైరస్‌లోని వెబ్ షీల్డ్ సైట్‌కీ బ్రౌజర్‌కీ మధ్యలో నిలబడి, సైట్ పంపినదాన్ని విప్పి చూసి, తన ముద్ర వేసి బ్రౌజర్‌కి ఇస్తుంది. చాలా యాంటీవైరస్‌లు ఇట్లా చేస్తాయి, అది మోసం కాదు. ఆ మధ్యవర్తి పాతబడితే మాత్రం కొన్ని సైట్లతో మాట కలవదు.

మాది పాతబడింది ఎందుకంటే అప్‌డేట్లే రావడం లేదు. ముగ్గురు వాడుకునే లైసెన్స్ కీని షాపతను ఎంతమందికి అమ్మాడో గానీ, ల్యాప్‌టాప్‌లో లైసెన్స్ చెల్లదని చూపిస్తోంది. నేను ఆ పేజీ ఎప్పుడూ తెరిచి చూడలేదు, అది నా తప్పే. వెబ్ షీల్డ్ పది నిమిషాలు ఆపి, బ్రౌజర్ పూర్తిగా మూసి మళ్లీ తెరిస్తే బ్యాంకు వచ్చింది. లైసెన్స్ సరిగ్గా ఉన్నవాళ్లు ముందు అప్‌డేట్ చేయండి, అప్పటికీ రాకపోతే ఆ ఒక్క సైట్‌ని మినహాయింపుల్లో పెట్టి షీల్డ్ మళ్లీ ఆన్ చేసుకోండి. మేము దాన్ని తీసేసి, విండోస్‌తో వచ్చే డిఫెండర్‌నే ఉంచుకున్నాం.

యాంటీవైరస్ కొంటే సీలున్న పెట్టె, బిల్లు అడిగి తీసుకోండి. నాకు రెండూ ఇవ్వలేదు. డబ్బు వెనక్కి అడగడానికి పోతే షాపతను తల ఎత్తకుండానే "ఎక్స్‌టెన్షన్ మీ అకౌంట్‌లోది సార్, మాదెట్లవుతుంది?" అన్నాడు. లైసెన్స్ సంగతి ఎత్తేసరికి ఫోన్ మోగిందని బయటికి వెళ్లాడు. అరగంట కూర్చున్నాను, తిరిగి రాలేదు.