సమావేశపు రాతల నుంచి ఒక్కొక్కరి పని వరకు: నాలుగు కొనుగోలు సీజన్లు వాడిన పట్టిక

మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ళలో వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపే ఒక మహిళా సమాఖ్యలో నేను లెక్కలు, మినిట్సు రాస్తాను. యాసంగిలోనూ వానాకాలంలోనూ కేంద్రాలు తెరిచే ముందు మాకు మూడు నాలుగు సమావేశాలు జరుగుతాయి, వాటిలో అనుకున్న పనులన్నీ మొదటి బస్తా కాంటా మీదికి ఎక్కేలోపు పూర్తి కావాలి. ఆ సమావేశాల్లో నేను గబగబా రాసుకున్న మాటలను గూగుల్ షీట్స్‌లో ఒక పట్టికగా మార్చి, ప్రతి పనికి ఒక్క మనిషి పేరు, ఒక్క తేదీ పెట్టడం 2024 యాసంగిలో మొదలుపెట్టాను. నాలుగు సీజన్లు వాడిన తర్వాత అందులో ఏది నిలిచిందో, ఏది నన్ను దెబ్బతీసిందో ఇక్కడ రాస్తున్నాను.

అంతకుముందు మా మినిట్సు పుస్తకం నిండుగానే ఉండేది. అందులో పనులకు కొదువ లేదు గాని, ఆ పనులు చేయవలసిన వారు మాత్రం కనిపించేవారు కాదు. దీనికి మనం మాట్లాడే తీరులోనే ఒక కారణం ఉందని నాకు మెల్లగా అర్థమైంది. తెలుగులో కర్త లేకుండానే వాక్యం నిండుగా వినిపిస్తుంది. ‘హమాలీ రేటు మాట్లాడాలె’ అంటే గదిలో ఉన్న అందరూ తల ఊపుతారు, మాట్లాడేది ఎవరో అడగాలని ఎవరికీ తోచదు. ‘మాట్లాడుదం’ అన్నప్పుడు అది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఆ మాటలో మనమందరం ఉన్నాము, అంటే ఏ ఒక్కరూ లేరు. ‘వారంలో’ అనే మాట కూడా అలాంటిదే. ఒకరికి అది ఈ ఆదివారం, మరొకరికి ఏడు రోజులు, ఇంకొకరికి వీలు చూసుకొని అని అర్థం. అందుకని పట్టిక నింపేటప్పుడు నేను మొదట వెతికేది ‘ఆలె’, ‘దం’ అని ముగిసే మాటలనే. నా నోటుబుక్కులో వాటి కింద గీత గీసుకుంటాను. ఆ గీతలున్న చోటే పనులు దాగి ఉంటాయి.

2024 మార్చి 18, సోమవారం నాటి సమావేశంలో నా నోటుబుక్కులో ఉన్న వరుసలు ఇవి: ‘కాంటాలు – ముద్ర – చూడాలె. పట్టాలు చినిగినయ్, లెక్క చూసి కొనాలె. మాయిశ్చర్ మీటరు పోయినసారి తప్పు చూపింది, ఇద్దరు పొయ్యి చూపిచ్చుకొస్తరు. గన్నీలు ఆఫీసుకు చెప్పినం. ఎండవెట్టి తెమ్మని రైతులకు అందరు చెప్పాలె. లారీలు లేటు.’

ఇందులో మీటరు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఒక్క మనిషి అనే నియమం నాకు దాని వల్లనే ఒంటబట్టింది. అంతకు ముందు సీజన్‌లోనూ అదే మీటరును బాగు చేయించడానికి ఇద్దరికి అప్పగించాము. ఇద్దరూ బాధ్యత ఎరిగిన అక్కలే. ఒకరు మరొకరు తీసుకువెళ్ళారనుకున్నారు, మీటరు బీరువాలోనే ఉండిపోయింది. వడ్లలో తేమ 17 శాతానికి మించకూడదు కాబట్టి మీటరు ఒకటి రెండు అంకెలు ఎక్కువ చూపినా, నిజంగా ఆరిన వడ్లున్న రైతు మరో రెండు రోజులు కల్లం దగ్గర కావలి ఉండవలసి వస్తుంది. ఆ సీజన్‌లో అలా ఉండవలసి వచ్చింది. అందుకే ఈసారి నోటుబుక్కులో ‘ఇద్దరు’ అని ఉన్నా పట్టికలో ఒక్కరి పేరే రాశాను. రెండవ అక్క తోడు వెళ్ళవచ్చు, ఆమె పేరు పని వివరంలో ఉంటుంది, కాని అడిగేది ఒక్కరినే. పేరు రాసే ముందు సమావేశంలోనే అడిగాను: ‘అక్కా, మీటరు పని మీ పేరున రాస్తున్న, బుధవారం 27వ తారీఖు. సరేనా?’ ఆమె, ‘హోళీ తెల్లారి ఊరికి పోతున్న చెల్లె, 28 రాయి’ అన్నారు. ఆ ఒక్క రోజు సవరణ నాకు ఎంతో విలువైనది. తేదీని ఆమె నోటితో చెప్పారు కనుక అది ఆమె తేదీ అయింది. మొదటి నెలలో నేను ఇంటికి వచ్చాక పట్టిక నింపి వాట్సాప్‌లో పంపేదాన్ని, ‘నేను ఒప్పుకోలేదే’ అన్న జవాబులు వచ్చేవి. ఇప్పుడు సమావేశం చివరి పది నిమిషాలు వరుసలన్నీ చదివి, పేరు, తేదీ ఒప్పించుకున్నాకే లేస్తాము.

మిగిలిన వరుసల్లో ఒక్కోదానికి ఒక్కో రకం శ్రద్ధ కావలసి వచ్చింది. ‘ముద్ర చూడాలె’ అన్నది పూర్తయిందో లేదో తేల్చలేని మాట, ఎందుకంటే చూడటం ఎప్పుడైనా అయిపోతుంది. దాన్ని ‘అన్ని కాంటాలకు తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించి, పత్రాల నకళ్ళు ఆఫీసు ఫైలులో పెట్టాలి’ అని మార్చాను. ఫైలు తెరిస్తే నకలు ఉంటుంది లేదా ఉండదు, వాదనకు చోటు లేదు. వడ్ల మీద కప్పే పట్టాల వరుసలో రెండు పనులున్నాయి. లెక్క తేలకుండా కొనడానికి తేదీ పెడితే అది ఊహే అవుతుంది కనుక, ఎన్ని పట్టాలు పనికివస్తాయో లెక్కించే పనిని మాత్రమే 22వ తేదీకి రాశాను, కొనే పనిని ఆ లెక్క వచ్చిన రోజున కొత్త వరుసగా చేర్చాను.

‘గన్నీలు ఆఫీసుకు చెప్పినం’ అన్నది జరిగిపోయిన మాటలా ఉంటుంది. మొదట్లో నేను ఇలాంటి వాటిని సమాచారంగా వదిలేసేదాన్ని, అది నా తప్పు. సంచులు పంపేది బయటివారు, వారి పేరు మన పట్టికలో రాసి ప్రయోజనం లేదు, వారు మన పట్టిక చూడరు. ఇలాంటి చోట బాధ్యత మన మనిషిదే, పని మాత్రం మారుతుంది: ‘ఆఫీసుకు ఫోన్ చేసి, ఏ కేంద్రానికి ఎన్ని సంచులు ఏ రోజు వస్తాయో కనుక్కొని ఇక్కడ రాయాలి’. దానికి నా పేరు, 22వ తేదీ పెట్టాను. ఆ రోజు సరైన జవాబు రాకపోతే ఈ వరుసను మూసి, మరో తేదీతో మరో ఫోన్ వరుస రాస్తాను.

ఇక ‘అందరు చెప్పాలె’ అన్నది. ఐదు ఊళ్ళు, ఐదుగురు వివోఏలు, అంటే గ్రామ సంఘాల సహాయకులు. దీన్ని ఒకే వరుసలో ఐదు పేర్లతో రాయాలనిపిస్తుంది, అలా రాస్తే నాలుగు ఊళ్ళలో చెప్పి ఒక ఊరిలో చెప్పకపోయినా వరుస పూర్తయినట్లే కనిపిస్తుంది. అందుకని అదే వాక్యాన్ని ఐదు వరుసలుగా రాశాను. పట్టిక పొడుగైంది, కాని ఏ ఊరు మిగిలిందో వెంటనే తెలిసింది. ‘లారీలు లేటు’ అన్న దానికి వరుస రాయలేదు. అది బాధ, ఇంకా నిర్ణయం కాలేదు. సమావేశం చివర అడిగితే ఎవరూ ఏమీ తేల్చలేదు కనుక దాన్ని తర్వాతి సమావేశపు చర్చాంశంగా మాత్రమే ఉంచాను.

పట్టిక విషయానికి వస్తే, B నిలువు వరుసలో పని, D నిలువు వరుసలో బాధ్యులు, E నిలువు వరుసలో గడువు, F నిలువు వరుసలో మొదటి గడువు, G నిలువు వరుసలో స్థితి ఉంటాయి. గడువు దాటిన వరుస ఎర్రబడటానికి Conditional formatting లో ఈ సూత్రం పెట్టాను:

```
=AND($E2<>"", $E2<TODAY(), $G2<>"పూర్తి")
```

మొదటి షరతు లేకపోతే ఖాళీ వరుసలు కూడా ఎర్రబడతాయి, ఎందుకంటే ఖాళీ గడిని షీట్ సున్నాగా లెక్కించి పాత తేదీ అనుకుంటుంది.

నన్ను నిజంగా దెబ్బతీసింది తేదీల పద్ధతి. నా షీట్ Locale అమెరికాది అయి ఉందని నాకు తెలియదు. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. 22/03/2024 అని కొడితే ఇరవై రెండవ నెల లేదు కాబట్టి షీట్ దాన్ని తేదీగా కాక ఉత్త అక్షరాలుగా ఉంచింది, అక్షరాలు ఎన్నటికీ నేటి తేదీ కన్నా తక్కువ కావు, అందువల్ల ఆ వరుస ఎన్ని రోజులైనా ఎర్రబడలేదు. 05/04/2024 అయితే ఇంకా ప్రమాదం, అది మే 4గా మారింది. పట్టాల లెక్క గడువు దాటి నాలుగు రోజులైనా ప్రశాంతంగా తెల్లగా కనిపించడంతో నాకు అనుమానం వచ్చింది. గుర్తుపట్టే మార్గం తేలిక: మనం అమరిక ఏమీ మార్చకపోతే నిజమైన తేదీ గడిలో కుడివైపుకు, అక్షరాలైతే ఎడమవైపుకు జరిగి ఉంటాయి. File > Settings లో Locale ను India చేశాను, అయినా పాత గడులు వాటంతట అవి సరికావు, అన్నీ మళ్ళీ కొట్టవలసి వచ్చింది. ఆ తర్వాత E నిలువు వరుసకు Data validation లో Is valid date పెట్టి, తప్పు తేదీని Reject the input తో ఆపివేశాను. పట్టిక మొదలుపెట్టేవారు ఈ పనిని మొదటి వరుస రాయకముందే చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

బాధ్యుల గడికి పేర్ల డ్రాప్‌డౌన్ పెట్టాను. దానిలో Allow multiple selections అనే వీలు ఉంది. ఒక అక్క అడిగితే ఒక సీజన్‌లో దాన్ని తెరిచాను, నెల తిరగకుండానే రెండేసి పేర్ల వరుసలు వచ్చాయి, మీటరు కథ మళ్ళీ మొదలయ్యేలా కనిపించింది. ఇప్పుడు అది మూసి ఉంచుతాను. డ్రాప్‌డౌన్‌లో ‘వివోఏ’, ‘ఆఫీసు’ లాంటి హోదాలు కాక మనుషుల పేర్లే ఉండాలి, ఫోన్ ఎత్తేది మనిషే.

మొదటి గడువు నిలువు వరుసను నేను రెండవ సీజన్‌లో చేర్చాను. గడువు మార్చడం తప్పు కాదు, కాని E లో పాత తేదీ మీదే కొత్తది కొట్టేస్తే ఆ పని ఎన్నిసార్లు వాయిదా పడిందో ఎక్కడా మిగలదు. F నిలువు వరుసను తాళం వేసి ఉంచాక, ఒక పని మూడవసారి వాయిదా పడితే నేను మనిషిని గాక పనినే అనుమానించడం నేర్చుకున్నాను. హమాలీ రేటు మాట్లాడే పని అలాగే మూడుసార్లు వాయిదా పడింది. అడిగితే తేలింది ఏమిటంటే, ఆ అక్కకు రేటు ఒప్పుకునే అధికారం లేదు, ఆమె ప్రతిసారి మాట్లాడి వచ్చి అధ్యక్షురాలి కోసం ఎదురుచూస్తున్నారు. పనిని అధ్యక్షురాలి పేరుకు మార్చి, రేటు కాగితం మీద రాసి హమాలీల పెద్దతో సంతకం చేయించడం అని రాసిన తర్వాత అది రెండు రోజుల్లో ముగిసింది.

ఈ పద్ధతి అన్నిటికీ సరిపోదు. కేంద్రం తెరిచాక రోజూ చేసే పనులు, అంటే సాయంత్రం ట్రక్ షీట్లు సరిచూడటం, టోకెన్లు ఇవ్వడం, ఇందులో రాస్తే పట్టిక రోజూ నిండి అసలు గడువులు మరుగున పడతాయి. వాటికి గోడ మీద వేరే కాగితం ఉంది. స్మార్ట్‌ఫోన్ వాడని ఇద్దరు అక్కలకు వారి వరుసలు మాత్రమే పెద్ద అక్షరాలతో ముద్రించి ఇస్తాను, వారు ఫోన్‌లో ‘అయింది’ అంటే నేనే మారుస్తాను. అందువల్ల నేను సెలవు పెట్టిన రోజున స్థితి వెనుకబడుతుంది. గత వానాకాలంలో అలా వెనుకబడిన ఒక వరుస చూసి, ముందే పూర్తి చేసిన పని గురించి ఒక అక్కను అందరి ముందూ అడిగి నొప్పించాను. ఆ తర్వాత ఎర్రబడిన వరుసలున్న వారికి సమావేశానికి ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి స్థితి సరిచేసుకుంటున్నాను. దానికి దాదాపు అరగంట పడుతుంది.