కవరు మీద ఒకరి పేరా, ఇద్దరి పేర్లా?

మా అక్క బిడ్డ పెండ్లికి హన్మకొండలో పత్రికల కవర్లు రాస్తుంటే ఒక జంట దగ్గర పెన్ను ఆగింది. ఉదాహరణకు ఆయన బండి రమేష్, ఆమె గుండు స్వాతి అనుకోండి, పెండ్లయినా పుట్టింటి ఇంటిపేరే ఉంచుకున్నది.

ఒక పద్ధతి: "శ్రీమతి & శ్రీ బండి రమేష్ గార్లకు".
రెండోది: "శ్రీమతి గుండు స్వాతి, శ్రీ బండి రమేష్ గార్లకు".

శ్రమ: మొదటిది సులువు, ఎందుకంటే చాలా కవర్ల మీద "శ్రీమతి & శ్రీ" అచ్చయ్యే వస్తుంది, పేరు నింపితే చాలు. రెండోదానికి ఆ గీత సరిపోదు, అచ్చు లేని కవరు తీసుకొని రెండు వరుసల్లో రాయాలి.

ఖర్చు: ఏమంత తేడా లేదు.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. మొదటిదాంట్లో ఆమె పేరే కనబడదు, పైగా మనకు దోస్తు ఆమే అయితే ఆయన పేరు చూసి "ఇదెవరికి?" అనిపిస్తుంది. రెండోదాంట్లో తప్పు పోయేది ఇంటిపేరు పొడి అక్షరం దగ్గర. అలవాటులో "బి. స్వాతి" అని రాసేస్తాం, ఉండాల్సింది "జి. స్వాతి". ఇద్దరి పేర్లు రాసి ఇలా తప్పడం కన్నా మొదటి పద్ధతే నయం. అనుమానముంటే ఫోన్ చేసి అడగండి, లేదా "స్వాతి, రమేష్ దంపతులకు" అని ఇంటిపేర్లే వదిలేయండి.

ఆయన వైపు పెద్దమనుషులకు, చేతికిచ్చి బొట్టు పెట్టి పిలిచే చోట మొదటిది నడుస్తుంది. ఆమె దోస్తయినా, ఆఫీసులో తోటి మనిషైనా, పోస్టులో పంపుతున్నా రెండోదే రాయండి.