నిద్రలోంచి లేపే తలనొప్పి: పడుకునే ముందు కాఫీయా, లిథియమా?

పర్లాకిమిడి, గుణుపురం వైపు పెద్దవాళ్లలో ఎవరికైనా నిద్రలోంచి లేపే ఈ హిప్నిక్ తలనొప్పి అని తేలితే ఇంటిల్లిపాదీ అడిగేది ఒకటే: మాత్ర వేసేయొచ్చు కదా, రాత్రిపూట మందుగా ఈ కాఫీ ఏమిటి?

అరవై ఎనిమిదేళ్ల ఒకావిడ సంగతి చెబుతాను. "రెండయ్యిందంటే చాలు బాబూ, తలంతా నొక్కేస్తాది" అనేది. రెండు వైపులా నొప్పి, గంటసేపు. కంట నీరు లేదు, ముక్కు కారదు. లేచి వాకిట్లో తిరిగితే కాస్త నయం. పగలు ఒక్కసారీ రాదు. ఇలా నెలకు కనీసం పది రోజులు, మూడు నెలలు దాటి వస్తే ఈ జబ్బును అనుమానిస్తాం. అయినా నొప్పి వచ్చిన వేళే బీపీ, షుగరు చూడమన్నాం. గురక సంగతి అడిగాం, ఈఎస్ఆర్, ఎంఆర్ఐ చేయించాం. అన్నీ బాగున్నాకే మందు మాట.

1988లో రాస్కిన్ అనే డాక్టరు ఈ జబ్బును మొదట వర్ణించినప్పుడు రోగులకు పనిచేసింది లిథియమే. రాత్రికి 300 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. గుణం నిజమే. కానీ నా దృష్టిలో తేల్చేది గుణం కాదు, ఆ మనిషి రోజూ మింగే మిగతా మాత్రలు. లిథియం బయటకు పోవాల్సింది కిడ్నీల ద్వారానే. ఈవిడ బీపీకి వేసుకునేది టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర. ఆ రెండూ లిథియాన్ని ఒంట్లో నిలవబెడతాయి. దానికి ఉప్పు తగ్గించిన పథ్యం, ఎండాకాలం చెమట తోడైతే మామూలు మోతాదే విషమవుతుంది.

అందుకే ముందు కాఫీ అంటాను. పడుకోబోయే ముందు ఒక కప్పు, చిక్కటి డికాక్షనుతో. చికోరీ సగం కలిసిన పొడి వద్దు, పనిచేసేది కెఫీనే, చికోరీలో అది ఉండదు. కోరాపుట్ కొండల కాఫీ దొరికేచోట ఇది కష్టమేమీ కాదు. షుగరున్నవాళ్లు చక్కెర మానాలి. నిద్ర పోతుందని భయపడతారు గానీ, ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి కాఫీ తాగినా నిద్ర పడుతుంది. గుండెదడ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుకు చెప్పాకే మొదలుపెట్టాలి. కొన్ని వారాలు ఏ రాత్రి నొప్పి వచ్చిందో క్యాలెండరులో గుర్తు పెట్టాలి. ఈవిడ క్యాలెండరులో గుర్తులు పల్చబడ్డాయి, లిథియం అవసరం రాలేదు.

ఇండోమెథాసిన్ అనే నొప్పి మాత్ర కొందరికి పనిచేస్తుంది, కానీ కడుపులో పుండ్లు, కిడ్నీ, బీపీ చూసుకోవాలి. లిథియంతో కలిపితే దాని పాళ్లు పెంచుతుంది. మెలటోనిన్ ప్రయత్నించవచ్చు, నమ్మకంగా చెప్పలేను.

కాఫీతో తగ్గకపోతే లిథియం తప్పదు. అప్పుడు ముందు బీపీ మాత్ర మార్పించాలి, కిడ్నీల పనితీరుకు క్రియాటినిన్, దాంతోపాటు థైరాయిడ్ చూడాలి. మొదలుపెట్టాక రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తీసి లిథియం పాళ్లు కొలవాలి. చేతులు బాగా వణికినా, విరేచనాలు పట్టుకున్నా, నడక తూలినా లిథియం మాత్ర ఆపి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.