పసికందు కామెర్లకు పసరా, పొద్దుటి ఎండా, ఆసుపత్రి నీలి దీపమా: ఏది మేలు?

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పురిటిబిడ్డ ఒళ్ళు పచ్చబడగానే ఇంట్లో మూడు మాటలు వినిపిస్తాయి. నేల ఉసిరి పసరు పోయమని ఒకరు, పొద్దుటి ఎండలో పడుకోబెట్టమని ఒకరు, రక్తపరీక్ష చేయించమని ఒకరు అంటారు. పసిపిల్లల వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేసిన నేను ఈ మూడింటినీ దగ్గరగా చూశాను. వీటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి తూచాలంటే ముందు పచ్చదనం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి.

బిడ్డ ఒంట్లో పాత ఎర్రరక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. దానిని నీటిలో కరిగే రూపానికి మార్చి పేగుల్లోకి పంపవలసినది కాలేయం. పుట్టిన కొత్తలో కాలేయానికి ఆ శక్తి ఇంకా పూర్తిగా రాదు కాబట్టి చాలామంది పిల్లల్లో రెండో, మూడో రోజున ముఖం పచ్చబడి, వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. పెద్దలకు వచ్చే పచ్చకామెర్లు సాధారణంగా కాలేయానికి వైరస్ సోకడం వల్ల వస్తాయి. పేరు ఒకటే అయినా ఇవి వేరువేరు సంగతులు. పెద్దల కామెర్ల మందును పసిబిడ్డకు వాడడంలోని మొదటి పొరపాటు ఇక్కడే ఉంది.

నేల ఉసిరి మీద ఉన్న నమ్మకం గాలికి పుట్టింది కాదు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్-బి ఉన్న పెద్దలకు ఆ మొక్కను ఇచ్చి మంచి ఫలితం కనిపించిందని ప్రచురించారు, కానీ తర్వాత ఇతరచోట్ల జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం నిలకడగా రాలేదు. పైగా అది వైరస్ గురించిన పరిశోధన, పసికందు కాలేయం గురించినది కాదు. పసరు పోసిన బిడ్డల్లో ఎక్కువమందికి తగ్గిన మాట నిజమే అయినా, వాళ్ళకు పోయకపోయినా తగ్గేది. పుత్తూరు కట్టు కోసం దూరాల నుంచి జనం వచ్చే నేల మనది, నాటు వైద్యాన్ని తేలికగా తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. అయితే మూడు రోజుల బిడ్డకు ఉగ్గుగిన్నెతో పోసే పసరు రెండు విధాల కీడు చేస్తుంది. ఆకు నూరిన రోలూ, కలిపిన నీళ్ళూ శుభ్రంగా లేకపోతే పేగులకూ రక్తానికీ క్రిములు సోకవచ్చు. అంతకన్నా పెద్ద కీడు, చిన్న పొట్ట పసరుతోనూ చక్కెర నీళ్ళతోనూ నిండి బిడ్డ తల్లిపాలు తగ్గించడం. పాలు తగ్గితే విరేచనాలు తగ్గుతాయి, పేగుల్లోకి చేరిన బిలిరుబిన్ బయటికి పోకుండా తిరిగి రక్తంలోకి వస్తుంది. ముక్కులో పసరు వేయడం మరీ ప్రమాదం, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఎండ సంగతి కొంచెం వేరు, ఎందుకంటే అందులో నిజం ఉంది. 1950లలో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో పిల్లలను ఎండలోకి తీసుకెళ్ళే ఒక నర్సు, ఎండ తగిలినచోట బిడ్డ చర్మంలో పచ్చదనం తగ్గడం గమనించింది. అక్కడి వైద్యులు ఆ దారిన సాగి దీపపు వెలుగుతో చికిత్సను 1958లో ప్రకటించారు. వెలుగులోని నీలిభాగం బిలిరుబిన్‌ను కాలేయం సాయం లేకుండానే మలమూత్రాల్లో పోగల రూపానికి మారుస్తుంది. ఆసుపత్రి దీపం ఆ నీలి వెలుగును మాత్రమే తగినంత బలంగా, వేడి లేకుండా, రాత్రింబవళ్ళు ఇస్తుంది. అరగంట ఎండ అంత పని చేయలేదు. చేసేంతసేపు బట్టల్లేకుండా ఉంచితే, తిరుపతి ఎండలో వేసవిలో బిడ్డ ఒళ్ళు వేడెక్కి చర్మం కమిలిపోతుంది, చలికాలపు ఉదయాన ఒళ్ళు చల్లబడిపోతుంది. పచ్చదనం కొద్దిగా ఉన్న బిడ్డకు ఎండ అవసరం లేదు, ఎక్కువగా ఉన్న బిడ్డకు ఎండ చాలదు.

ఆలస్యం ఎందుకు ప్రాణాంతకమో మా చెల్లెలి మనవడి విషయంలో గంటల లెక్కన చూశాను. చంద్రగిరి దగ్గరి పల్లె వాళ్ళది. బిడ్డ 37 వారాలకు, 2.6 కిలోల బరువుతో సోమవారం తెల్లవారుజామున పుట్టాడు. తల్లి రక్తం ఓ పాజిటివ్, బిడ్డది బి పాజిటివ్. ఇలాంటి జోడీలో తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు బిడ్డ ఎర్రకణాలను విరిచి బిలిరుబిన్‌ను వేగంగా పెంచే అవకాశం ఉంది. బుధవారం మధ్యాహ్నం ఇంటికి వచ్చారు. గురువారం ఉదయం ముఖం, ఛాతీ పచ్చగా ఉన్నాయి. వాళ్ళ ఇంటి అవ్వ, అంటే మా చెల్లెలి అత్తగారు, ఆకులు కోసి తెచ్చి, "మూడు పొద్దులు పసరు పోస్తే సరిపోతుందిలే, పచ్చిబాలింతను ఎందుకమ్మా తిప్పేది" అన్నది. నేను వెళ్ళి పగటి వెలుగులో బిడ్డ పొట్ట మీద, తొడ మీద వేలితో నొక్కి వదిలాను. వేలు తీసిన చోట తెలుపు రావలసింది పోయి పసుపు వచ్చింది. పచ్చదనం తల నుంచి కాళ్ళ వైపు దిగుతుంది కాబట్టి తొడ దాకా వచ్చిందంటే ఆగడానికి లేదు. నల్లని, చామనఛాయ చర్మంలో ఈ నొక్కిచూడడం కూడా మోసం చేస్తుంది, అందుకే కంటి అంచనాతో "తక్కువే" అనుకోకూడదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు, అంటే పుట్టిన 80వ గంటకు రక్తం తీస్తే బిలిరుబిన్ డెసిలీటరుకు 19 మిల్లీగ్రాములు వచ్చింది. ఈ అంకెకు ఒక్కటే హద్దు ఉండదు. నెలలు నిండి, ఏ ఇబ్బందీ లేని బిడ్డకు మూడు రోజుల వయసులో సుమారు 18 దగ్గర దీపం కింద పెడతారు. కొంచెం ముందే పుట్టినా, రక్తం విరిగే కారణం ఉన్నా ఆ హద్దు చాలా కిందికి వస్తుంది. మా బిడ్డకు 19 అంటే రక్తం మార్చవలసిన హద్దుకు దగ్గరే. అంకె అలాగే పెరిగితే బిలిరుబిన్ మెదడులోకి దిగి, కదలికలను నడిపే భాగాన్నీ వినికిడి నరాన్నీ శాశ్వతంగా చెడగొడుతుంది. మొదట బిడ్డ మగతగా ఉండి పాలు వదిలేస్తాడు, తర్వాత కీచుగొంతుతో ఏడుస్తాడు, వెన్ను విల్లులా వెనక్కి వంచుతాడు. అప్పటికి చాలా ఆలస్యం అయినట్టే. "మూడు పొద్దులు" అన్న గడువులో ఇదంతా జరిగిపోగలదు.

పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా, బిడ్డ పాలు తాగకున్నా, జ్వరం ఉన్నా ఆ గంటలోనే బయలుదేరాలి. తిరుపతి చుట్టుపక్కల వాళ్ళకు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, రుయా ఉన్నాయి, 108 ఉంది. మరోవైపు, రెండు వారాలు దాటినా పచ్చదనం పోకపోతే, ముఖ్యంగా మలం సున్నం కలిపినట్టు తెల్లగా, మూత్రం పచ్చగా గుడ్డకు మరకపడేలా ఉంటే, పిత్తనాళాలు మూసుకుపోయాయేమో చూడాలి. దానికి చేసే శస్త్రచికిత్స 60 రోజుల్లోపు జరిగితేనే ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఆ కాలాన్ని పసరుతో గడిపిన ఇళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ గుండె పిండినట్టవుతుంది.

బాలింత పసుపు, గుమ్మడికాయ తింటే బిడ్డ పచ్చబడతాడన్నది నిజం కాదు. తల్లిపాల వల్లనే కామెర్లు కాబట్టి పాలు మాన్పించాలన్నది హానికరం. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు పడితేనే పచ్చదనం బయటికి పోతుంది. చేతికి కట్టే తాయెత్తు బిడ్డకు ఏమీ చేయదు కానీ, ఇక నిమ్మళమే అన్న భ్రమను ఇంట్లోవాళ్ళకు కలిగిస్తుంది.

మా బిడ్డను కళ్ళకు గంతలు కట్టి, లంగోటీతో నీలి దీపం కింద పడుకోబెట్టారు. తల్లి రెండు గంటలకొకసారి బయటికి తీసి పాలిచ్చేది. రెండో రోజు మలం ఆకుపచ్చగా, పలుచగా రావడం చూసి అవ్వ భయపడి నా చెయ్యి పట్టుకుంది. "అత్తా, ఒంట్లోని పసుపే అట్లా బయటికి పోతున్నది" అని చెప్పాను. శనివారం ఉదయానికి అంకె 12కు దిగింది. దీపం ఆపి, మళ్ళీ పెరగలేదని రక్తం ఇంకోసారి చూసి, ఆదివారం పంపించారు. వినికిడి పరీక్షకు తేదీ రాసిచ్చిన చీటీని అవ్వ తన సంచిలో భద్రంగా పెట్టుకుంది.